గ్యాస్ట్రిక్ బైపాస్ అయ్యాక టిఫిన్ తిన్న రెండు గంటలకి షుగర్ పడిపోతోంది, జీటీటీ చేయించమన్నారు, చేయించొచ్చా?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర. అడుగుతున్నది మా వదిన గురించి. వయసు 42. గ్యాస్ట్రిక్ బైపాస్ అయ్యి రెండున్నరేళ్ళు. 118 కిలోల మనిషి ఇప్పుడు 74. అప్పట్లో షుగర్ ఉండేది, ఇప్పుడు దానికి మందులేమీ వాడట్లేదు. ఆర్నెల్లుగా టిఫిన్ తిన్నాక తొమ్మిదిన్నర అయ్యేసరికి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. మొన్న ఒకసారి పిలిస్తే పలక్కుండా గోడ వైపు చూస్తూ కూర్చుంది.

నిన్న మీటర్‌తో చూశాం. 7:30కి ఏమీ తినకముందు 89. తర్వాత నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, పంచదార వేసిన కాఫీ. 8:15కి 208. 9:15కి 74. 9:35కి 47, అప్పటికి చెమటలు పట్టేశాయి. గ్లాసుడు చెరకురసం పట్టించాం, 10 గంటలకి 165. హమ్మయ్య అనుకుంటే 11:30కి మళ్ళీ 58.

ఇక్కడి డాక్టరుగారు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి జీటీటీ చేయించమని రాశారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే HbA1c 5.1 వచ్చింది, బాగానే ఉందన్నారు. జీటీటీ చేయించమంటారా?

తణుకుశాస్త్రి
గుండె బైపాస్ తర్వాత నీరసం మామూలేనండి, కంగారు పడకండి. మా బావగారికి కూడా అలాగే చెమటలు పట్టేవి. చూస్తే డిశ్చార్జి చీటీలో గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర అలాగే ఉండిపోయింది. అది ఆపారు, తగ్గింది. మీ వదినగారి మందులు ఒకసారి చూసుకోండి.

గోదారిగట్టు
శాస్త్రిగారూ, గుండెది కాదండి, పొట్టకి చేసే బైపాస్. షుగర్ మాత్రలు ఆపరేషన్ అయిన నెలకే ఆపేశారు.

ఆత్రేయపురం69
ఇది డంపింగ్ సిండ్రోమ్. తిన్నది గబుక్కున పేగులోకి జారిపోతుంది, దానికి ఒళ్ళు తట్టుకోలేదు. జీటీటీ చేయించండి, కాకపోతే రెండు గంటలకి ఆపేయకుండా ఐదు గంటలు చేయమనండి. అందులో కచ్చితంగా దొరుకుతుంది. ఈలోగా చెమట పట్టినప్పుడల్లా చెంచాడు పంచదార నోట్లో వేసుకుంటే సరి.

ఎండోకాకినాడ
ఆత్రేయపురంగారు సగం సరిగ్గానే చెప్పారు. జారిపోవడమన్నది నిజం. జీటీటీ మాత్రం వద్దు.

ముందు ఆ రీడింగులు చూడండి. వాటిలోనే కథంతా ఉంది. మామూలు పొట్ట తిన్నదాన్ని నిలవ ఉంచుకుని కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. బైపాస్‌లో పొట్టని చిన్న సంచిలా చేసి పేగుకి నేరుగా కలిపేస్తారు, ఇక ఆపేదేమీ ఉండదు. నాలుగు ఇడ్లీల పిండి పదార్థం ఒక్కసారిగా పేగులో పడింది, ముప్పావుగంటకే 208. అదే సమయంలో పేగు గోడల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను మామూలుకన్నా చాలా ఎక్కువగా వస్తుంది. అది క్లోమానికి ఇన్సులిన్ వదలమని చెబుతుంది. క్లోమం ఆ పెద్ద అంకెకి తగ్గట్టు బోలెడు ఇన్సులిన్ వదిలేస్తుంది. గంటన్నర అయ్యేసరికి పేగులో చక్కెర అయిపోయింది గానీ రక్తంలో ఇన్సులిన్ ఇంకా ఉంది. దానికి తోడు 44 కిలోలు తగ్గిన ఒంట్లో అదే ఇన్సులిన్ ఇదివరకటికన్నా గట్టిగా పనిచేస్తుంది. అందుకే 47.

డంపింగ్ అని సాధారణంగా అనేది తిన్న పావుగంట, అరగంటలోనే వచ్చేది. గుండె దడ, వికారం, విరేచనం, పడుకోవాలనిపించడం. అప్పుడు షుగర్ తక్కువ ఉండదు, ఎక్కువే ఉంటుంది. మీ వదినగారిది గంట నుంచి మూడు గంటల మధ్య వచ్చేది. అదీ ఆపరేషన్ అయిన ఏడాదికో రెండేళ్ళకో మొదలవుతుంది. పాత పుస్తకాల్లో లేట్ డంపింగ్ అని రాసేవారు. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు బైపాస్ చేయించుకున్న ఆరుగురి గురించి రాశాక దీన్ని విడిగా చూడటం పెరిగింది. వాళ్ళు అప్పట్లో క్లోమంలోనే కణాలు పెరిగాయని అనుకుని కొంత కోసి తీశారు. ఇప్పుడు అంత దూరం వెళ్ళేవాళ్ళు అరుదు.

మీరు ఒకటి చెప్పండి. ఆవిడ కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటారా? ఉంటే ఆ రోజు పగలు ఎలా ఉంటారు?

గోదారిగట్టు
ఉంటుందండి. సాయంత్రం చుక్కని చూసేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోదు. పగలంతా బాగానే ఉంటుంది. దీపం పెట్టి భోంచేశాక మాత్రం రాత్రి తొమ్మిదింటికి వణుకు వచ్చింది రెండు వారాలు. ఉపవాసం పడక అనుకున్నాం.

ఎండోకాకినాడ
ఉపవాసం వల్ల కాదండి, ఉపవాసం విడిచినందుకు. ఇది చాలా పనికొచ్చే మాట. 12 గంటలు తినకపోయినా పడిపోని షుగర్, తిన్న రెండు గంటలకి పడిపోతోంది. అదే తెల్లవారుజామున, పరగడుపున 50లు వస్తుంటే దారి వేరే. ఇన్సులిన్ వదిలే గడ్డ ఉందేమో చూడాలి, దానికి ఆసుపత్రిలో ఉంచి 72 గంటల వరకూ పస్తు పెట్టి చేసే పరీక్ష ఉంది. మీకు ఇప్పుడు దాని అవసరం కనిపించట్లేదు.

జీటీటీ ఎందుకు వద్దంటే, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు అంటే మనిషి ఎప్పుడూ తినని తిండి. అది పిడికెడంత కూడా లేని సంచిలో పడి క్షణంలో పేగులోకి దిగుతుంది. బైపాస్ అయినవాళ్ళలో ఏ బాధా లేనివాళ్ళకి కూడా ఆ పరీక్షలో 50లకి పడిపోవడం మామూలు. అసలు ఏ ఆపరేషనూ లేని ఆరోగ్యవంతుల్లోనే కొందరికి పడిపోతుంది. అలాంటప్పుడు మీ వదినగారికి 48 వస్తే దానికి అర్థం ఏముంది? పైగా మొదటి అరగంటలో దడ, వాంతి, బీపీ పడిపోవడం.

HbA1c కూడా ఇక్కడ చెప్పేదేమీ లేదు. 208, 47 రెండూ కలిపి సగటు తీస్తే బాగానే కనిపిస్తుంది. బైపాస్ తర్వాత ఐరన్, బి12 తగ్గి రక్తహీనత వస్తే ఆ అంకె కూడా నమ్మలేం.

ఆత్రేయపురం69
డాక్టరుగారూ, మరి అన్ని ల్యాబుల్లోనూ ఐదు గంటల జీటీటీ అని బోర్డు ఉంటుంది కదండీ. ఊరికే పెడతారా?

ల్యాబ్‌బాబాయ్
భీమవరం నుంచి. బోర్డు పెట్టేది డాక్టర్లు రాస్తారు కాబట్టండి. వాళ్ళు రాస్తే మేం చేస్తాం. అదొక చక్రం.

ఇంటి రీడింగుల గురించి చెబుతాను, ఎందుకంటే సగం గొడవ అక్కడే వస్తుంది. మీటర్ పొరపాటు ఎంత ఉండొచ్చో ప్రమాణమే చెబుతోంది. 100 లోపు అయితే అటూ ఇటూ 15 వరకూ తేడా రావొచ్చు. అంటే మీ 58 అసలు 43 అయినా కావచ్చు, 73 అయినా కావచ్చు. కాబట్టి మీటర్‌తో అనుమానం పడొచ్చు గానీ రోగం ఖాయం చేయకూడదు. ఖాయం చేసేది నరం నుంచి తీసిన రక్తం, ల్యాబ్‌లో మిషన్ మీద చేసింది.

సమయం ఎక్కడి నుంచి లెక్కపెట్టారన్నది రెండోది. మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్క, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. బైపాస్ అయినవాళ్ళు నెమ్మదిగా తింటారు, అరగంట పడుతుంది. మన దగ్గరకి తిన్నాక చేసే షుగర్ పరీక్ష పీపీబీఎస్‌కి వచ్చేవాళ్ళు చాలామంది తిని లేచాక లెక్కేసుకుని వస్తారు. మీ లెక్కలోనే 9:15కి వస్తే 74, నార్మల్ అని రాసి పంపేస్తాం. ఇరవై నిమిషాలు ఆగితే 47. ఒక్క శాంపిల్‌తో ఇది దొరకదు.

మామిడిపండు, కాజా, పూతరేకు తిన్న వేలు కడగకుండా గుచ్చితే దొంగ అంకె పైకి వస్తుంది. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి గుచ్చండి. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టేయాలి, మన కోనసీమ తేమకి తెరిచి ఉంచితే పాడైపోతాయి.

స్లీవ్‌సుజాత
నాకు బైపాస్ కాదు, స్లీవ్ చేశారు, అంటే పొట్టలో చాలాభాగం తీసేసి సన్న గొట్టంలా చేసే ఆపరేషన్. నేను చేతికి సెన్సార్ పెట్టుకున్నాను. రాత్రి రెండింటికి 52 అని మోగుతుంది. లేచి గ్లూకోజ్ తాగుతున్నాను. మరి నాకు పరగడుపున పడుతున్నట్టేగా? గడ్డ ఉందేమో అని భయంగా ఉంది.

ల్యాబ్‌బాబాయ్
ఏ పక్కకి తిరిగి పడుకుంటారమ్మా? సెన్సార్ ఉన్న చెయ్యి కింద పడితే అక్కడ ఒత్తిడికి దొంగ తక్కువ చూపిస్తుంది. ఈసారి మోగినప్పుడు వెంటనే తాగేయకుండా పక్కకి తిరిగి, వేలికి గుచ్చి చూడండి. మీటర్‌లో 90 వస్తే సెన్సార్‌దే తప్పు.

ఎండోకాకినాడ
సుజాతగారూ, బాబాయ్ చెప్పినట్టు చేయండి. చెమట, దడ ఉంటే మాత్రం ఆగకుండా గుచ్చి చూసి తాగేయండి. మీటర్‌లో కూడా 60 లోపు వస్తే వాయిదా వేయకుండా డాక్టర్‌కి చూపించుకోండి. స్లీవ్ తర్వాత కూడా తిన్నాక పడిపోవడం ఉంటుంది, బైపాస్ అంత తరచుగా కనిపించదు.

సెన్సార్ రక్తంలో కొలవదు, చర్మం కింద నీటిలో కొలుస్తుంది. అందుకే అయిదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడుతుంది. షుగర్ గబగబా పడుతున్నప్పుడు రక్తంలో 48 ఉంటే సెన్సార్ ఇంకా 65 చూపించొచ్చు. మీరు గ్లూకోజ్ తాగాక రక్తం 90కి వచ్చేసినా అది ఇంకా 55 అంటుంది, మనం మళ్ళీ తాగేస్తాం. ఏ తిండికి ఎంత ఎక్కుతోంది, ఎంత దిగుతోంది అన్న గీత చూసుకోవడానికి మాత్రం దానికి మించింది లేదు.

గోదారిగట్టు
మరి జీటీటీ కాకపోతే ఏం అడగాలండి? ఆ డాక్టరుగారికి ఏమని చెప్పాలి?

ఎండోకాకినాడ
మిక్స్‌డ్ మీల్ టెస్ట్ అని అడగండి. ఆసుపత్రిలో, డాక్టర్ దగ్గరుండి చేసేది. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎండోక్రినాలజిస్ట్ ఉన్నచోట.

రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్ళాలి. చేతికి కాన్యులా పెట్టి మొదటి శాంపిల్ తీస్తారు. తర్వాత భోజనం, మొదటి ముద్దకి గడియారం మొదలు. అక్కడి నుంచి అరగంటకోసారి శాంపిల్. పుస్తకంలో ఐదు గంటల వరకూ ఉంటుంది. బైపాస్ వాళ్ళలో అసలు విషయం మొదటి మూడు గంటల్లోనే తేలిపోతుంది కాబట్టి చాలాచోట్ల మూడుకే ఆపుతారు.

ఏం తినాలన్నదాని మీద మాత్రం అందరూ ఒక్క మాట మీద లేరు. కొందరు డబ్బాలో వచ్చే పోషకాహార పానీయం తాగిస్తారు, పిండి పదార్థం, మాంసకృత్తులు, కొవ్వు లెక్క తెలిసి ఉంటుందని. ద్రవం కాబట్టి అది కూడా త్వరగా జారిపోయి మామూలు తిండి కన్నా ఎక్కువగా పడేయొచ్చు. నేనైతే ఆవిడకి ఏ తిండితో వస్తోందో అదే పెట్టమంటాను. నాలుగు ఇడ్లీలు, చట్నీ, అదే కాఫీ, క్యారేజీలో కట్టుకెళ్ళండి. ఇంట్లో ఎంత సేపట్లో తింటారో అక్కడా అంత సేపట్లోనే.

రుజువుకి మూడూ కావాలి. లక్షణాలు రావాలి. ఆ క్షణంలో తీసిన నరం రక్తంలో గ్లూకోజ్ 54 కంటే తక్కువ ఉండాలి. గ్లూకోజ్ ఇచ్చాక లక్షణాలు పోవాలి. కాబట్టి ఆవిడ తడబడుతున్నారని కంగారుపడి ముందే గ్లూకోజ్ ఎక్కించేస్తే పరీక్ష వృథా. ముందు శాంపిల్, వెంటనే గ్లూకోజ్. అర నిమిషం పని. 25 శాతం డెక్స్ట్రోస్ సీసా ముందే మంచం పక్కన ఉండాలి, ఎక్కించేది శాంపిల్ తీసే చెయ్యి కాకుండా రెండో చేతికి.

ఆ తక్కువ శాంపిల్‌లోనే ఇన్సులిన్, దానితో పాటు మన క్లోమం వదిలే సి-పెప్టైడ్ కూడా చేయాలి. అందుకే ప్రతి శాంపిల్‌లోనూ సీరం దాచి ఉంచి, గ్లూకోజ్ పడిన దానికి మాత్రం ఆ పరీక్షలు పంపితే డబ్బు మిగులుతుంది.

ల్యాబ్‌బాబాయ్
శాంపిల్ దగ్గర ఒక మాట. గ్లూకోజ్‌కి బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబు. మామూలు ట్యూబులో రక్తం అలాగే వదిలేస్తే కణాలు చక్కెర తినేస్తూ ఉంటాయి, గంటకి 5 నుంచి 7 శాతం. 62 ఉన్నది రెండు గంటలకి 54 అయిపోతుంది, లేని రోగం వస్తుంది. ఫ్లోరైడ్ కూడా మొదటి గంట, గంటన్నర పూర్తిగా ఆపలేదు. తీసిన వెంటనే తిప్పి వేరు చేయాలి. ఇన్సులిన్ శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలితే ఇన్సులిన్ తక్కువగా వస్తుంది. సన్న సూదితో లాగి సిరంజి నుంచి ట్యూబులోకి గట్టిగా నొక్కితే జరిగేది అదే. ఆ పరీక్ష మా దగ్గర కాదు, బయటికి పంపుతాం. కాబట్టి సీరం వేరు చేసి చల్లగా పంపారా అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే ల్యాబ్ మార్చేయండి.

పాలకొల్లుపథ్యం
పరీక్ష అయ్యేదాకా ఆ చెరకురసం ఆపండి. నిన్న 11:30కి వచ్చిన 58 ఆ గ్లాసు వల్లే. ఇడ్లీల కథే మళ్ళీ చిన్నగా జరిగింది. పడిపోయినప్పుడు కావలసింది 15 గ్రాముల గ్లూకోజ్, అంటే గ్లూకోజ్ పొడి తలకొట్టిన టీస్పూన్లు మూడు నాలుగు, కొద్ది నీళ్ళలో. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ గుచ్చి చూడండి. 70 దాటాక ఉడికించిన గుడ్డో, గుప్పెడు వేరుశెనగలో తినాలి, లేకపోతే ఇంకో గంటకి మళ్ళీ దిగుతుంది. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

పరీక్ష అయ్యాక తిండిలో, పూటకి పిండి పదార్థం 30 గ్రాముల దగ్గర ఆపాలి. వండిన అన్నమైతే సుమారు 100 గ్రాములు. మన స్వర్ణ బియ్యం అన్నం చిన్న గరిటెతో రెండు గరిటెలు అనుకోండి, ఇంట్లో ఒకసారి తూకం వేసి గుర్తుపెట్టుకుంటే చాలు. నాలుగు ఇడ్లీలు సైజుని బట్టి 35 నుంచి 45 గ్రాములు, పైన కాఫీలో పంచదార. రెండు ఇడ్లీలు, ముందుగా గుడ్డు, లేదా ఇడ్లీ మానేసి పెసరట్టు. ముందు చేప, గుడ్డు, పప్పు తిని తర్వాత అన్నం. భోజనం మధ్యలో నీళ్ళు, మజ్జిగ, చారు తాగొద్దు, తిన్న అరగంటకి తాగండి. పాతవాళ్ళు ఇష్టంగా తాగే గంజి కూడా ఈ ఒంటికి పడదు, పిండి పదార్థం ద్రవంగా నేరుగా దిగిపోతుంది.

మూడు రోజులు ముందే పుస్తకంలో రాయండి, ఏం తిన్నారు, మొదటి ముద్ద టైము, 30, 60, 90, 120, 150, 180 నిమిషాలకి మీటర్ అంకె, లక్షణం వస్తే అప్పటి అంకె. పరీక్షకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళండి. పరీక్ష ముందు రోజుల్లో తిండి మార్చకండి, మార్చితే అక్కడ పడకుండా ఉండిపోవచ్చు.

తణుకుశాస్త్రి
పొట్టదని ఇప్పుడర్థమైంది. అయినా మందుల మాట మాత్రం వదలకండి, ఇంట్లో పెద్దవాళ్ళ షుగర్ మాత్రలు కలిసిపోతుంటాయి.

ఎండోకాకినాడ
శాస్త్రిగారు గుండె అనుకున్నా మాట మాత్రం సరైనదే. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర పొరపాటున పడితే పరీక్షలో ఇన్సులిన్, సి-పెప్టైడ్ రెండూ ఎక్కువే వస్తాయి, దీనికీ దానికీ తేడా తెలియదు. అనుమానం ఉంటే ఆ రక్తంలోనే మందు ఉందేమో చూడమనాలి. ఇన్సులిన్ ఇంజక్షన్ అయితే ఇన్సులిన్ ఎక్కువ, సి-పెప్టైడ్ తక్కువ వచ్చి దొరికిపోతుంది.

గోదారిగట్టు
ఆలస్యానికి క్షమించండి. పోయిన వారం రాజమండ్రిలో చేయించాం. ఇంటి ఇడ్లీలే, అదే కాఫీ. గ్లూకోజ్: ముందు 86, 30 నిమిషాలకి 204, 60కి 171, 90కి 96, 120కి 51. 115 నిమిషాలకే చెమట పట్టింది, పేరడిగితే ఆలోచించి చెప్పింది. శాంపిల్ తీసి వెంటనే గ్లూకోజ్ ఎక్కించారు, పావుగంటకి 98, మామూలుగా మాట్లాడింది. 51 శాంపిల్‌లో ఇన్సులిన్ 14, సి-పెప్టైడ్ 3.1. మా అమ్మ మాత్రలు విడిగా బీరువాలో ఉన్నాయి, లెక్క సరిపోయింది.

తిండి సరిచేసి మూడు వారాలు చూడమన్నారు, తగ్గకపోతే అకార్బోజ్ అన్నారు.

ఎండోకాకినాడ
మూడూ వచ్చాయి. ఆవిడ సొంత క్లోమమే తిన్నదానికి ఎక్కువగా వదులుతోంది. గ్లూకోజ్ 55 లోపు ఉన్నప్పుడు ఇన్సులిన్ 3 దాటితే, సి-పెప్టైడ్ 0.6 దాటితే ఎక్కువ అని చదువుతాం. కాకపోతే ఆ హద్దులు పస్తు పరీక్షకి వేసినవి. తిన్న తర్వాత ఇన్సులిన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి 14ని అంత గట్టిగా పట్టుకోను. గ్లూకోజ్ అంకె, పేరు తడబడటం, ఎక్కించాక తేరుకోవడం, వీటినే నమ్ముతాను.

అకార్బోజ్ మొదలుపెడితే ఒకటి గుర్తుంచుకోండి. అది పిండి పదార్థాన్ని, పంచదారని పేగులో విరగనివ్వదు. మొదటి ముద్దతోనే వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే పని చేయదు. గ్యాస్, కడుపుబ్బరం ఉంటాయి. అది వాడుతుండగా షుగర్ పడితే పంచదార, చెరకురసం త్వరగా పని చేయవు. గ్లూకోజ్ పొడే ఇవ్వాలి.

ఆత్రేయపురం69
అయితే నా చెంచాడు పంచదార కూడా పోయిందన్నమాట.

పాలకొల్లుపథ్యం
అది ముందే పోయిందండి. గోదారిగట్టుగారూ, మూడు వారాల్లో రెండు ఇడ్లీలు, గుడ్డు తిన్న రోజుల రీడింగులు ఇక్కడ పెట్టండి. 30 నిమిషాలకి 204 బదులు ఎంత వస్తోందన్నదే నాకు కావాలి. పైకి ఎక్కడం తగ్గితే కింద పడటం కూడా తగ్గాలి. స్లీవ్ సుజాతగారూ, మీ రాత్రి మీటర్ అంకె ఏమైంది?

స్లీవ్‌సుజాత
ఒక రాత్రి సెన్సార్ 54, వేలికి 91. ఇంకో రాత్రి సెన్సార్ 58, వేలికి 63. రెండోదానికి ఏం చేయాలో తెలియట్లేదు.

ఎండోకాకినాడ
రాత్రి భోజనం ఎన్నింటికి చేశారు, ఏం తిన్నారు? పదకొండింటికి ఏమైనా తీపి తిన్నారా? అది చెబితే గానీ ఆ 63ని చదవలేం.